53,000 విరాళం, 30,000 లెక్క: గుణుపూర్ సంస్థకు రాసిన ఒక ఉత్తరం కథ

ఒక రసీదు నా బల్ల మీదికి వచ్చింది. మంచి మందపాటి కాగితం, పైన ఒడియాలో, కింద ఇంగ్లీషులో సంస్థ పేరు, ఎడమ మూల దీపం బొమ్మ. మధ్యలో నీలం సిరాతో దాత పేరు, 53,000 రూపాయలు, తేదీ 2024 జనవరి 28. అడుగున సంతకం, గుండ్రటి ముద్ర, దాని పక్కన ఒక రిజిస్ట్రేషన్ నంబరు. చూడటానికి ఏ లోపమూ కనిపించదు. ఆదాయపు పన్ను రిటర్నులో మాత్రం ఈ కాగితంతో ఒక్క రూపాయి కూడా తగ్గదు.

తెచ్చినవారు పర్లాకిమిడిలో స్థిరపడిన రిటైర్డ్ ప్రధానోపాధ్యాయురాలు. ఒడిశా ప్రభుత్వ పాఠశాలలో పనిచేసి పింఛను తీసుకుంటున్నారు. విరాళం అందుకున్నది గుణుపూర్‌లో సవర బాలికల కోసం హాస్టల్ నడిపే సంస్థ. ఆమె దగ్గర చదువుకున్న ఒకాయనే దానికి కార్యదర్శి, తెలుగువారు. లెక్కలు చూసే అకౌంటెంట్ ఒడియావారు, తెలుగు మాట్లాడతారు కానీ చదవలేరు. పర్లాకిమిడి, గుణుపూర్ ఒకే రైలు దారిలో ఉన్నాయి కాబట్టి ఆమె ఏటా వార్షికోత్సవానికి వెళ్లి వస్తుంటారు. ఆమె అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. పేర్లు ఇవ్వడం లేదు. లెక్క తేలికగా అర్థం కావడానికి అంకెలను గుండ్రంగా సవరించాను.

"రసీదు ఉంది కదా బాబూ, రిజిస్ట్రేషన్ నంబరూ ఉంది. ఇంకా ఏమి కావాలి?" అని ఆమె అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఏప్రిల్, మే నెలల్లో మా దగ్గరకు వచ్చే దాతల్లో ఎక్కువమంది అడిగేది ఇదే.

ముందు ఆ నంబరు సంగతి చూద్దాం. రసీదు మీద ఉన్నది 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సంస్థ నమోదైన నంబరు. సంస్థ చట్టబద్ధంగా పుట్టిందని మాత్రమే అది చెబుతుంది. పన్నుతో దానికి సంబంధం లేదు. ఆదాయపు పన్ను చట్టం కింద సంస్థకు రెండు వేరు వేరు ఉత్తర్వులు ఉండాలి. 12ఏబీ సెక్షన్ కింద వచ్చే నమోదు సంస్థ సొంత ఆదాయానికి పన్ను మినహాయింపు ఇస్తుంది. 80జీ సెక్షన్ కింద వచ్చే ఆమోదం దాతకు తగ్గింపు ఇస్తుంది. మొదటిది ఉండి రెండోది లేని సంస్థలు చాలా ఉన్నాయి. వాటికి ఇచ్చిన విరాళం మంచి పనికే వెళ్తుంది, దాత పన్ను మాత్రం తగ్గదు. కాబట్టి దాత అడగాల్సింది 80జీ ఆమోదం తాలూకు యూనిక్ రిజిస్ట్రేషన్ నంబరు, ఆ ఉత్తర్వు తేదీ, అది ఏ సంవత్సరం వరకు చెల్లుతుందన్న వివరం, సంస్థ పాన్ నంబరు. ఆమె రసీదులో ఈ నాలుగింటిలో ఒక్కటీ లేదు.

ఇక 53,000 సంగతి. "ఇది ఒకేసారి ఇచ్చారా అమ్మా?" అని అడిగితే అసలు విషయం బయటపడింది. 2023 డిసెంబరు 11న తన పింఛను ఖాతా నుంచి సంస్థ ఖాతాకు 30,000 బదిలీ చేశారు. జనవరి 28న వార్షికోత్సవం రోజు వేదిక మీద 5,000 నోట్లు చేతికి ఇచ్చారు. అదే రోజు హాస్టల్‌కు బియ్యం బస్తాలు దింపించారు, వాటి ఖరీదు 18,000. సంస్థవారు గౌరవంగా మూడూ కలిపి ఒకే రసీదు రాసి సభలో అందజేశారు.

ఈ మూడింటికీ పన్ను చట్టంలో మూడు రకాల ఫలితం ఉంది. బ్యాంకు ద్వారా వెళ్లిన 30,000కు తగ్గింపు దొరుకుతుంది. నగదుగా ఇచ్చిన విరాళం 2,000 దాటితే దానికి తగ్గింపు లేదు. 2018–19 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి ఉన్న పరిమితి ఇది, అంతకు ముందు 10,000 ఉండేది. ఇక్కడ చాలామంది పొరబడతారు. 5,000 నగదు ఇస్తే అందులో 2,000 వరకైనా వస్తుందని అనుకుంటారు. రాదు. పరిమితి దాటిన నగదు విరాళం మొత్తంగా పోతుంది. వస్తు రూపంలో ఇచ్చినదానికి, అది బియ్యమైనా దుప్పట్లైనా పుస్తకాలైనా, 80జీ కింద ఏమీ లేదు. కొన్న దుకాణం బిల్లు దాచుకున్నా ఉపయోగం ఉండదు.

ఆమె ముఖం కాస్త చిన్నబోయింది. బియ్యం ఇచ్చింది పన్ను కోసం కాదని ఆమే అన్నారు. అయినా చెప్పాల్సింది చెప్పాలి. పన్ను సలహా అడగడానికి వచ్చిన మనిషికి పనికిరాని ఆశ కల్పించి పంపడం నాకు నచ్చదు.

రసీదు సరిచేయించుకుంటే చాలదా, ఉత్తరం ఎందుకు అనిపించవచ్చు. 2021–22 ఆర్థిక సంవత్సరం నుంచి పద్ధతి మారింది. అంతకు ముందు రసీదు చేతిలో ఉంటే దాత తానే రిటర్నులో వివరాలు నింపుకునేవారు. ఇప్పుడు సంస్థ ఆ ఏడాది వచ్చిన విరాళాల పట్టికను 10బీడీ అనే ఫారంలో ఆదాయపు పన్ను శాఖకు దాఖలు చేయాలి. ఆర్థిక సంవత్సరం ముగిశాక మే 31 దానికి గడువు. దాఖలు చేశాక పోర్టల్ నుంచి ఒక్కో దాత పేరిట 10బీఈ అనే సర్టిఫికెట్ దిగుతుంది. దాన్నీ మే 31లోగా దాతకు అందజేయాలి. దాత కోరే తగ్గింపును సంస్థ ఇచ్చిన ఆ సమాచారం ఆధారంగానే అనుమతిస్తారని చట్టంలో వివరణ చేర్చారు. అంటే రసీదు ఎంత చక్కగా ఉన్నా, 10బీడీ పట్టికలో దాత వరుస లేకపోతే దాతకు ఆధారం లేనట్టే. ఆ వరుసను దాత స్వయంగా చేర్చుకోలేరు. కాబట్టి ఉత్తరం ఏప్రిల్‌లోనే వెళ్లాలి, ఏమి నింపాలో అందులో స్పష్టంగా ఉండాలి. జూలైలో రిటర్ను వేసే ముందు రోజు సంస్థకు ఫోను చేసేవారు నాకు ఏటా ఎదురవుతారు. అప్పటికి సంస్థ ఫారం దాఖలు చేసి ఉంటుంది, అకౌంటెంట్ వేరే పనిలో ఉంటారు.

ఆమె తరఫున మేము తయారుచేసిన ఉత్తరం ఇది. గుర్తింపు వివరాలు తీసేసి ఇస్తున్నాను.

పర్లాకిమిడి,
18–04–2024

గౌరవనీయులైన కార్యదర్శి గారికి,

నమస్కారం. 2023–24 ఆర్థిక సంవత్సరంలో హాస్టల్‌కు నేను ఇచ్చిన విరాళాల గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. 2024 జనవరి 28న మీరు ఇచ్చిన రసీదులో 53,000 రూపాయలు ఒకే మొత్తంగా ఉంది. అందులో మూడు విరాళాలు కలిసి ఉన్నాయి. 2023 డిసెంబరు 11న నా పింఛను ఖాతా నుంచి మీ సంస్థ ఖాతాకు బదిలీ చేసినవి 30,000 రూపాయలు. బదిలీ నంబరు కింద రాశాను. జనవరి 28న నగదుగా ఇచ్చినవి 5,000 రూపాయలు. అదే రోజు ఇచ్చిన బియ్యం విలువ 18,000 రూపాయలు.

దయచేసి పాత రసీదును రద్దు చేసి, ఈ మూడింటికీ వేర్వేరుగా, అవి అందిన అసలు తేదీలతో, అందిన విధానం రాసి రసీదులు ఇప్పించగలరు. పాత రసీదు అసలు ప్రతిని ఈ ఉత్తరంతో పంపుతున్నాను. బ్యాంకు బదిలీకి ఇచ్చే రసీదు మీద మీ సంస్థ పాన్ నంబరు, 80జీ ఆమోదం యూనిక్ రిజిస్ట్రేషన్ నంబరు, ఆ ఉత్తర్వు తేదీ, అది చెల్లే కాలం ఉండాలని కోరుతున్నాను. 80జీ ఉత్తర్వు ప్రతి ఒకటి పంపితే నా దగ్గర ఉంచుకుంటాను.

మీరు మే 31లోగా దాఖలు చేసే 10బీడీ పట్టికలో నా పేరు, పాన్ నంబరు కింద రాసిన విధంగానే నమోదు చేయించి, 10బీఈ సర్టిఫికెట్ నాకు అందేలా చూడగలరు. పాన్ కార్డు మీద నా పేరులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, రసీదులో పొడి అక్షరం మాత్రమే ఉంది. దయచేసి కార్డులో ఉన్నట్టే రాయించండి.

మీ అకౌంటెంట్ గారి సౌకర్యం కోసం నింపవలసిన వివరాలు విడిగా ఒక కాగితం మీద జతచేశాను. సందేహం ఉంటే నాకు గానీ, కింద ఇచ్చిన నంబరులో మా పన్ను సలహాదారుకు గానీ ఫోను చేయండి.

పిల్లలకు నా ఆశీస్సులు.

ఇట్లు,
(సంతకం)

మొదట ఆమె సొంతంగా రాసుకొచ్చిన ఉత్తరం రెండు వాక్యాలే: 80జీ రసీదు పంపండి, పన్ను తగ్గింపుకు కావాలి, అని. అలాంటి ఉత్తరానికి సంస్థవారు పాత రసీదు మీదే 80జీ అని ముద్ర వేసి తిరిగి పంపుతారు. అలా వచ్చిన రసీదులు నేను చూశాను. ఏమి ఇచ్చాను, ఎలా ఇచ్చాను, ఏ ఖాతా నుంచి, ఏ పేరుతో అన్నది దాతే రాసి ఇస్తే, అవతలి మనిషి ఆలోచించాల్సిన పని తగ్గుతుంది. ఖాతా విషయం కూడా అందుకే స్పష్టంగా పెట్టాం. కొడుకు ఫోను నుంచి డబ్బు పంపి తల్లి పేరిట రసీదు అడిగే కుటుంబాలు మా వైపు చాలా ఉన్నాయి. తగ్గింపు ఎవరికి కావాలో వారి ఖాతా నుంచే డబ్బు వెళ్లాలి. ఈ కేసులో ఆ చిక్కు లేదు.

పాన్ నంబరును ఉత్తరంలో రాస్తే చాలు, కార్డు నకలు ఇవ్వనక్కరలేదు. అడిగితే నకలు మీద దేని కోసం ఇస్తున్నారో, ఏ తేదీనో రాసి ఇవ్వమని చెబుతాను.

పేరు విషయం చిన్నదిగా కనిపిస్తుంది కానీ సరిహద్దు జిల్లాల్లో ఇది నిత్యం తలనొప్పి. మన పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది, ఒడియా పేర్లలో చివర వస్తుంది. ఒడియా గుమాస్తా మన ఇంటిపేరును మొదటి పేరు అనుకుని అసలు పేరులో సగం వదిలేస్తారు, లేదా పొడి అక్షరాన్ని తనకు తోచినట్టు విడదీస్తారు. పట్టికలో దాతను గుర్తించేది ముఖ్యంగా పాన్ నంబరే. పేరు కూడా సరిపోతే తర్వాత ప్రశ్నలు రావు.

ఉత్తరంతో పంపిన రెండో కాగితం ఇంగ్లీషులోనే ఉంది. పోర్టల్‌లోని పట్టిక ఇంగ్లీషులో ఉంటుంది, నింపే మనిషికి తెలుగు చదవడం రాదు. బ్యాంకు బదిలీకి సంబంధించిన భాగంలో అకౌంటెంట్ ఎంచుకోవాల్సిన మాటలు యథాతథంగా ఇవి:

```
Donation Type: Others
Mode of receipt: Electronic modes including account payee cheque/draft
Amount of donation: 30000
```

నగదుకూ వస్తువుకూ పట్టికలో వేరే మాటలు ఉన్నాయి. ఒక వరుసకు ఒకే విధానం ఎంచుకోవడానికి వీలుంటుంది. ఆమె ఉత్తరంలో మూడు మొత్తాలను విడగొట్టమని పట్టుబట్టడానికి ఇదే కారణం. అన్నీ ఒకే వరుసలో పడితే ఏదో ఒక విధానమే మిగులుతుంది.

వారం తర్వాత జవాబు వచ్చింది. కార్యదర్శి మర్యాదగా ఫోను చేసి, ఉత్తర్వు ఫోటో పంపించారు. ఆమె సంతోషంగా తెచ్చి చూపించారు. నేను పైన ఉన్న సెక్షన్ చదివాను. అది 12ఏబీ ఉత్తర్వు. పొరబడటం సులువే. రెండు ఉత్తర్వులూ 10ఏసీ అనే ఒకే రకం ఫారంలో వస్తాయి, రూపం ఒకేలా ఉంటుంది, రెండింటిలోనూ యూనిక్ రిజిస్ట్రేషన్ నంబరు సంస్థ పాన్ నంబరుతోనే మొదలవుతుంది. తేడా తెలిసేది సెక్షన్ రాసిన వరుసలోనే. అందులో 80జీ అన్న మాట కనిపించకపోతే ఆ నంబరు దాతకు పనికిరాదు. ఆ వరుసను వేలితో చూపించాక ఆమె ఇక ఎవరికి విరాళం ఇచ్చినా ముందు ఇది చూస్తానన్నారు.

మళ్లీ అడిగితే అసలు ఉత్తర్వు వచ్చింది. దీన్ని మూడు రకాలుగా సరిచూశాను. నంబరులోని మొదటి పది అక్షరాలు సంస్థ పాన్‌తో కలుస్తున్నాయా అన్నది మొదటిది. కలిశాయి. పాన్‌లో నాలుగో అక్షరం ఏమిటన్నది రెండోది. వ్యక్తి పాన్‌కు నాలుగో అక్షరం P ఉంటుంది. సంస్థ పాన్ అని ఇచ్చినదాంట్లో P కనిపిస్తే ఎవరో వ్యక్తి సొంత పాన్ ఇచ్చారన్నమాట, అక్కడే ఆగాలి. ఇక్కడ అలా లేదు. మూడోది చెల్లే కాలం. ఇది తాత్కాలిక ఆమోదం. కొత్త సంస్థలకు మొదట మూడేళ్ల వరకు తాత్కాలికంగా ఇస్తారు, తర్వాత మళ్లీ దరఖాస్తు చేస్తే ఐదేళ్లకు ఇస్తారు. ఈ ఉత్తర్వులో 2024–25 అసెస్‌మెంట్ సంవత్సరం వరకు అని ఉంది.

అది చూసి ఆమె అబ్బాయి ఇంకా ఏడాది ఉందన్నాడు. లేదు. అసెస్‌మెంట్ సంవత్సరం అంటే లెక్క తేల్చే సంవత్సరం, దానికి ముందు ఏడాది డబ్బు చేతులు మారిన సంవత్సరం. 2024–25 అసెస్‌మెంట్ సంవత్సరం అంటే 2023 ఏప్రిల్ 1 నుంచి 2024 మార్చి 31 వరకు ఇచ్చిన విరాళాలు. డిసెంబరు 11 అందులోనే ఉంది కాబట్టి ఆమె 30,000కు ఢోకా లేదు. కానీ మేము మాట్లాడుకుంటున్న ఏప్రిల్ నెలలో ఎవరైనా విరాళం ఇస్తే, పక్కా ఆమోదం రాకపోతే దానికి ఆధారం ఉండదు. ఈ సంగతి కార్యదర్శికి విడిగా చెప్పాను. ఆయన వెంటనే తమ ఆడిటర్‌తో మాట్లాడారు.

ఈ మధ్యలో ఒక మాట వచ్చింది. అకౌంటెంట్ మంచి మనసుతోనే ఒక ఉపాయం చెప్పారు. 5,000 నగదుకు 2,000, 2,000, 1,000 చొప్పున మూడు తేదీలు వేసి మూడు రసీదులు రాస్తానని. ఈ మాట చాలా సంస్థల్లో వినిపిస్తుంది, ఉపకారం చేస్తున్నామనే అనుకుంటారు. నేను వద్దన్నాను. డబ్బు ఒకే రోజు, ఒకే వేదిక మీద, అందరి ముందూ ఇచ్చారు. మూడు తేదీలు వేస్తే అవి మూడు అబద్ధపు రసీదులు. సంస్థ నగదు పుస్తకం ఒకటి చెబుతుంది, రసీదులు మరొకటి చెబుతాయి. ఆమెకు మిగిలేది కొన్ని వందల రూపాయల పన్ను. ఆడిట్‌లో దొరికితే పోయేది సంస్థ ఆమోదమే. టీచరమ్మ నాకంటే ముందే అడ్డంగా తల ఊపారు.

బదులుగా ఆ అకౌంటెంట్‌కు మరో పద్ధతి చెప్పాను. ఇకపై వార్షికోత్సవంలో 2,000 మించి ఇవ్వాలనుకునేవారి కోసం వేదిక పక్కన సంస్థ ఖాతా క్యూఆర్ కోడ్ పెట్టండి. ఫోను నుంచి వచ్చిన డబ్బు బ్యాంకు ద్వారా వచ్చినట్టే. రసీదు పుస్తకంలో దాత పాన్ రాయడానికి ఒక గడి, డబ్బు అందిన విధానానికి ఒక గడి పెంచండి. ఈ రెండు గడులు ఉంటే మే నెలలో దాతల ఇళ్ల వెంట తిరిగే పని సగం తగ్గుతుంది.

మే 13న మా వైపు పోలింగ్. అది అయ్యాక కూర్చుంటానని అకౌంటెంట్ అన్నారు. 20న 10బీడీ దాఖలు చేశారు, 22న 10బీఈ సర్టిఫికెట్ ఆమె ఫోనుకు వచ్చింది. పేరు కార్డులో ఉన్నట్టే ఉంది. పాన్ సరిగ్గా ఉంది. సంస్థ 80జీ నంబరు సరిపోయింది. విరాళం మొత్తం మాత్రం 53,000 అని ఉంది.

ఫోను చేస్తే కారణం తెలిసింది. కొత్త రసీదులు మూడూ రాశారు, కానీ పట్టిక నింపింది పాత రసీదు పుస్తకం ఆకు చూసి. పాత ఆకు మీద రద్దు అని రాయలేదు. పైగా విధానం గడిలో నగదు ఎంచుకున్నారు, పుస్తకంలో అందరి విరాళాలూ నగదే కాబట్టి. ఆమెకు ఇది రెండు వైపులా దెబ్బ. సంస్థ చెప్పిన లెక్క ప్రకారం ఆమె ఇచ్చిందంతా నగదు, పరిమితి దాటింది కాబట్టి తగ్గింపు సున్నా. ఆమె రిటర్నులో బ్యాంకు ద్వారా 30,000 అని వేస్తే శాఖ దగ్గరున్న సమాచారానికి పొంతన కుదరదు. చాలామంది దాతలు సర్టిఫికెట్ రాగానే ఎక్కువ మొత్తం కనిపించిందని సంతోషించి దాచుకుంటారు. ఎక్కువ రాసి ఉన్నా అది తప్పే, సరిచేయించాలి.

23న రెండో ఉత్తరం వెళ్లింది. ఇది చిన్నది. మొదటి ఉత్తరం తేదీ, కొత్త రసీదుల నంబర్లు, సర్టిఫికెట్‌లో ఉన్న మొత్తం, ఉండాల్సిన మొత్తం, విధానం గడిలో పడిన మాట, పడాల్సిన మాట, బ్యాంకు ఖాతా వివరాల్లో ఆ బదిలీ కనిపించే పేజీ నకలు. దాఖలు చేసిన 10బీడీని సవరించి మళ్లీ వేసే వీలు పోర్టల్‌లో ఉందని, మే 31 దాటకముందే వేస్తే మంచిదని రాశాం. బెదిరింపు మాటలేవీ పెట్టలేదు. గడువు దాటితే సంస్థకు రోజుకు 200 రూపాయల చొప్పున రుసుము పడుతుంది, అసలు దాఖలు చేయకపోతే 10,000 నుంచి లక్ష రూపాయల వరకు జరిమానా వేసే అధికారం శాఖకు ఉంది. ఈ సంగతి అకౌంటెంట్‌కు ఫోనులో చెప్పాను. పిల్లలకు అన్నం పెట్టే సంస్థకు పాత విద్యార్థి కార్యదర్శిగా ఉంటే, ఆయన గురువుగారి ఉత్తరంలో జరిమానా సెక్షన్లు ఉండటం నాకు బాగోదనిపించింది. దాత మాట వినని సంస్థ అయితే మాత్రం మూడో ఉత్తరంలో అవి తప్పకుండా రాయాలి.

మే 28న సవరించిన పట్టిక వెళ్లింది. ఈసారి మూడు విరాళాలూ మూడు వరుసల్లో పడ్డాయి. 30న బ్యాంకు బదిలీ 30,000కు సర్టిఫికెట్ వచ్చింది. పాతదాని మీద అడ్డంగా గీత కొట్టి, చెల్లదు అని రాసి ఫైలులోనే ఉంచమన్నాను. పొరపాటున రిటర్నులో పాతదాని నంబరు ఎక్కకూడదు.

ఇక ఫలితం ఎంత? ఆమె పింఛను ఏడాదికి 7,20,000. అందులోంచి స్టాండర్డ్ డిడక్షన్ 50,000 పోతే 6,70,000. డిపాజిట్ల మీద వడ్డీ 62,000 కలిపితే 7,32,000. పొదుపు పథకాలకు 1,00,000, సీనియర్ సిటిజన్‌గా వడ్డీకి దొరికే తగ్గింపు 50,000, ఆరోగ్య బీమాకు 22,000 తీసేస్తే 5,60,000 మిగిలింది. ఇలా 80జీ తప్ప మిగతా తగ్గింపులన్నీ తీసేశాక మిగిలిన ఆదాయంలో 10 శాతం వరకే విరాళాన్ని లెక్కలోకి తీసుకుంటారు. ఆమె విషయంలో అది 56,000. విరాళం 30,000 ఆ హద్దులోనే ఉంది కాబట్టి మొత్తం లెక్కలోకి వచ్చింది. అందులో సగం, అంటే 15,000 ఆదాయంలోంచి తగ్గింది. పన్ను వేసే ఆదాయం 5,45,000 అయింది.

పాత పన్ను విధానంలో అరవై దాటినవారికి ఆ ఏడాది 3,00,000 వరకు పన్ను లేదు, ఆపైన 5,00,000 వరకు 5 శాతం, తర్వాత 10,00,000 వరకు 20 శాతం. విరాళం లేకపోతే సెస్సుతో కలిపి 22,880 కట్టాలి. విరాళంతో 19,760 అయింది. మిగిలింది 3,120 రూపాయలు. 53,000లో సగం పన్ను తగ్గుతుందని ఎవరో చెబితే ఆమె నమ్మారు. సగం తగ్గేది ఆదాయంలోంచి, పన్నులోంచి కాదు. ఈ తేడా తెలియక విరాళం ఇచ్చి తర్వాత నొచ్చుకునేవారు ఉన్నారు. అందుకే లెక్క మొత్తం ఆమె ముందే కాగితం మీద వేసి చూపించాను.

80జీ తగ్గింపు పాత విధానంలోనే ఉంది. 2023–24 నుంచి కొత్త విధానం దానంతటదే వర్తించేలా పెట్టారు, పాతది కావాలంటే రిటర్నులో ఎంచుకోవాలి. ఆమెలాంటి పింఛనుదారులు గడువులోగా, ఆ ఏడాదికి జూలై 31 లోగా, రిటర్ను వేస్తేనే ఆ ఎంపిక దొరుకుతుంది. గడువు దాటితే ఇంత శ్రమపడి తెచ్చుకున్న సర్టిఫికెట్ అలమరాలో ఉండిపోతుంది. విరాళం మాట పక్కన పెట్టినా ఆమెకు పాత విధానమే మేలు. కొత్త విధానంలో ఆమె పన్ను 29,328 అయ్యేది. అందరికీ ఇలా ఉండదు. పొదుపు పథకాలు లేని పింఛనుదారుకు కొత్త విధానమే మంచిదని తేలితే, 80జీ సర్టిఫికెట్ కోసం సంస్థ వెంట పడనక్కరలేదు. ఉత్తరం రాసే ముందే ఈ లెక్క వేసుకోవాలి. ఈ కేసులోనూ ఆ పని మొదటి రోజే చేశాం.

జూన్ చివర రిటర్ను వేశాం. 80జీ పట్టికలో 50 శాతం తగ్గింపు, ఆదాయ పరిమితితో అన్న భాగం ఎంచుకుని సంస్థ పేరు, చిరునామా, పాన్, నగదు గడిలో సున్నా, ఇతర విధానం గడిలో 30,000, చివర ARN అన్న గడిలో సవరించిన 10బీఈ సర్టిఫికెట్ నంబరు వేశాం. ఈ సర్టిఫికెట్ నంబరును, సంస్థ యూనిక్ రిజిస్ట్రేషన్ నంబరును ఒకదాని గడిలో ఒకటి వేయడం చాలా మంది చేసే తప్పు. సంస్థ నంబరు దాతలందరికీ ఒకటే. సర్టిఫికెట్ నంబరు ఆ దాతకే చెందుతుంది. కాగితాలేవీ రిటర్నుతో జతచేయరు. రెండు ఉత్తరాల నకళ్లు, రసీదు, బ్యాంకు పేజీ, ఉత్తర్వు ప్రతి, సర్టిఫికెట్ ఒక ఫైలులో పెట్టి ఆమెకు ఇచ్చాం. శాఖ అడిగితే చూపించాల్సినవి అవే.

ఈ ఉత్తరాన్ని నమూనాగా వాడుకోవాలనుకునేవారు ఒకటి గమనించాలి. ఇందులోని సెక్షన్లు, ఫారాల పేర్లు 1961 ఆదాయపు పన్ను చట్టానివి. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం వర్తిస్తుంది, అందులో సెక్షన్ల నంబర్లు మారాయి. ఆ తేదీ తర్వాత ఇచ్చిన విరాళాలకు ఉత్తరం రాసేటప్పుడు సెక్షన్, ఫారం పేర్లు అప్పటి చట్టం ప్రకారం చూసుకుని మార్చాలి. దాత ఖాతా, పాన్‌లో ఉన్న పేరు, డబ్బు ఇచ్చిన తేదీ, విధానం, సంస్థ ఆమోదం ఆ తేదీకి చెల్లుతుందా అన్న వివరాలు మాత్రం ఇక్కడ రాసినట్టే అడగండి.